ఊపిరి వదలడమే కష్టమైనవాళ్లు పెదాలు ఎందుకు ముడవాలి?

ప్రశ్న: మా నాన్నగారికి 67 ఏళ్లు. చాలాకాలం బీడీలు తాగారు, ఇప్పుడు మానేశారు. సీఓపీడీ అన్నారు, ఊపిరితిత్తుల్లో గాలిదారులు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బట. ఇన్‌హేలర్లు రాసి, పెదాలు ముడిచి గాలి వదలమని చెప్పి పంపారు. నాకు అర్థం కానిది ఒక్కటే. గాలి బయటికి పోకే కదా ఆయనకు ఆయాసం, పోయే దారి కూడా సగం మూసుకోమంటే ఎలా? నోరు బాగా తెరిచి గట్టిగా ఊదేస్తే లోపలిదంతా పోదా? పక్కింటాయన బెలూన్లు ఊదించమంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి.

సమాధానం:

పోదండీ. గట్టిగా ఊదితే గాలి ఇంకా లోపలే చిక్కుకుంటుంది. మీ నాన్నగారికి అడ్డం పడుతున్నది నోటి దగ్గర కాదు, ఊపిరితిత్తుల లోతులో ఉండే సన్నటి గొట్టాల దగ్గర. ఊపిరి వదిలే సమయంలో అవి నొక్కుకుని మూసుకుపోతాయి. పెదాలు కాస్త ముడిచి, నెట్టకుండా, నెమ్మదిగా వదిలితే ఆ గొట్టాల్లో కొంత ఒత్తిడి నిలబడి, అవి చివరిదాకా తెరుచుకుని ఉంటాయి. అందుకే నోటి దగ్గర చిన్న అడ్డం పెట్టినా మొత్తం మీద బయటికి వచ్చే గాలి పెరుగుతుంది. బెలూన్లు వద్దు, కారణం కింద చెబుతాను.

నేను ఊపిరితిత్తుల రోగులతో పనిచేసే ఫిజియోథెరపిస్టుని. మీకొచ్చిన అనుమానం న్యాయమైనదే. దీనికి సరైన జవాబు తెలియకపోవడం వల్లే చాలామంది ఈ పద్ధతిని తప్పుగా చేసి, "నాకు పనిచేయలేదు" అని వదిలేస్తారు. కాబట్టి లోపల ఏం జరుగుతుందో కాస్త ఓపిగ్గా చూద్దాం.

గొంతులో తడిమితే తగిలే పెద్ద గాలిగొట్టానికి మృదులాస్థి వలయాలు ఉంటాయి. అది చీలుతూ చీలుతూ లోపలికి పోయేకొద్దీ ఆ మృదులాస్థి తగ్గిపోతుంది. లోపలి వెడల్పు రెండు మిల్లీమీటర్ల కంటే తక్కువుండే చిన్న శ్వాసనాళాలకు అసలే ఉండదు. మరి అవి ఎలా తెరుచుకుని ఉంటాయి? చుట్టూ ఉన్న గాలిగదుల గోడలు వాటికి అతుక్కుని, అన్ని వైపులా బయటికి లాగుతూ ఉంటాయి. షామియానాను చుట్టూ తాళ్లు లాగి నిలబెట్టినట్టు అనుకోండి. బీడీ పొగ ఏళ్ల తరబడి చేసే పని ఈ తాళ్లను తెంపడమే. గాలిగదుల గోడలు తినేయబడి, పక్కపక్క గదులు కలిసిపోయి పెద్ద పెద్ద ఖాళీలు అవుతాయి. దీన్నే ఎంఫిసిమా అంటారు. తాళ్లు తెగిన చోట గొట్టం వదులైపోతుంది. పైగా లోపలి పొర వాచి, కఫం చేరి ముందే ఇరుకుగా ఉంటుంది.

ఇంకో నష్టం కూడా ఉంది. ఆరోగ్యంగా ఉన్న ఊపిరితిత్తి సాగదీసిన రబ్బరు లాంటిది. పీల్చుకోవడానికి కండరాలు పనిచేయాలి, వదలడానికి మాత్రం అదే ముడుచుకుంటుంది. గోడలు పోయిన ఊపిరితిత్తికి ఆ ముడుచుకునే గుణం తగ్గుతుంది. గాలిని బయటికి తోసే సొంత బలం తగ్గిందన్నమాట. అప్పుడు మనిషి ఏం చేస్తాడు? పొట్ట బిగించి, ఛాతీ బిగించి బలవంతంగా నెడతాడు. చిక్కంతా అక్కడ మొదలవుతుంది.

దీనికి చిన్న లెక్క వేసి చూపిస్తాను. విషయం తేలిగ్గా తెలియడానికి వేసిన అంకెలివి, మీ నాన్నగారిలో కొలిచినవి కావు. ఒత్తిడిని సెంటీమీటర్ల నీటిలో కొలుస్తారు, ఇక్కడ ఉత్త అంకెలే రాస్తాను.

ఆరోగ్యవంతుడు గట్టిగా ఊదాడు. ఛాతీ బిగించడం వల్ల ఊపిరితిత్తుల చుట్టూ 20 ఒత్తిడి ఏర్పడింది. ఊపిరితిత్తి తనంతట తాను ముడుచుకునే బలం 10. రెండూ కలిపి గాలిగదిలో 30. నోటి దగ్గర సున్నా. గాలి లోపలి నుంచి బయటికి వస్తూ ఉంటే గొట్టంలో ఒత్తిడి 30 నుంచి సున్నాకి క్రమంగా తగ్గుతుంది. అది 20కి దిగిన చోట లోపలి ఒత్తిడి, బయటి ఒత్తిడి సమానం. ఆ చోటు దాటాక బయటిదే ఎక్కువ కాబట్టి గొట్టం నొక్కుకోవాలి. కానీ ఆరోగ్యవంతుడి చిన్న నాళాలు బాగా తెరుచుకుని ఉంటాయి, అక్కడ ఒత్తిడి పెద్దగా ఖర్చు కాదు. 10 ఖర్చయ్యేసరికి గాలి మృదులాస్థి ఉన్న పెద్ద గొట్టాల్లోకి వచ్చేస్తుంది. అవి అంత తేలిగ్గా మూసుకోవు.

ఇప్పుడు ఎంఫిసిమా ఉన్నవారు అంతే గట్టిగా ఊదారు. చుట్టూ ఒత్తిడి అదే 20. ముడుచుకునే బలం మాత్రం 4కి పడిపోయింది. గాలిగదిలో 24. అంటే కేవలం 4 ఖర్చయితే చాలు, లోపలా బయటా సమానమైపోతుంది. ఇరుకైన చిన్న నాళాల్లో ఆ 4 ఖర్చవడానికి ఎంతో దూరం అక్కర్లేదు. కాబట్టి ఆ సమానమయ్యే చోటు వెనక్కి, ఆసరా లేని సన్నటి గొట్టాల్లోకి జరిగిపోయింది. అవి అక్కడే నొక్కుకుంటాయి. వెనక ఉన్న గాలి బందీ.

ఇంకా గట్టిగా నెడితే? చుట్టూ 40 చేశారనుకోండి. గాలిగదిలో 44 అవుతుంది. తేడా మళ్లీ అదే 4. మీరు పెట్టిన బలమంతా గాలి మీదా పడింది, గొట్టం బయటి గోడ మీదా పడింది. మూసుకునే చోటు వరకు గాలిని నడిపేది ఊపిరితిత్తి సొంత బలం ఒక్కటే. కండరాల బలం దానికి ఒక్క చుక్క కూడా కలపదు. ఒక స్థాయి దాటాక ఎంత నెట్టినా గాలి వేగం పెరగకపోవడానికి కారణం ఇదే.

ఇక పెదాలు ముడిచి మెల్లగా వదిలితే: బిగింపు లేదు కాబట్టి చుట్టూ ఒత్తిడి 5 అనుకుందాం. ముడుచుకునే బలం 4. గాలిగదిలో 9. ముడిచిన పెదాల వెనక, నోట్లో దాదాపు 5 నిలబడుతుంది. అంటే గొట్టం పొడవునా ఒత్తిడి 9 నుంచి 5కి దిగుతుంది, పెదాలు దాటాకే సున్నా. బయటి 5 కంటే లోపలిది ఎక్కడా తక్కువ కాలేదు. నొక్కుకోవడానికి చోటే లేదు.

ఈ లెక్కలోనే ఇంకో సంగతి దాగుంది. పెదాలు ముడిచి కూడా గట్టిగా నెడితే మళ్లీ చుట్టూ 20, లోపల 24. నోట్లో 5కి బదులు 10 నిలిచినా సరిపోదు. గొట్టం మూసుకుంటుంది. పెదాలు సరిగ్గా ముడిచి, పొట్ట బిగించి ఊదేవాళ్లకు ఏ లాభమూ రాకపోవడం అందుకే. నన్నడిగితే ఇందులో పెదాల పాత్ర సగమే. మిగతా సగం నెమ్మది. గాలి నెమ్మదిగా వస్తే దారిలో ఒత్తిడి ఖర్చు తగ్గుతుంది, పైగా వదలడానికి సమయం దొరుకుతుంది.

ఆ సమయం సంగతి కూడా చెప్పాలి. ఆయాసంలో నిమిషానికి 30 సార్లు ఊపిరి తీస్తున్నారంటే ఒక్కో ఊపిరికి రెండు సెకన్లే. వదలడానికి దక్కేది సెకను పైచిలుకు. ఇరుకు గొట్టాల నుంచి ఖాళీ కావడానికి అది చాలదు. పాతది పూర్తిగా పోకముందే కొత్తది వచ్చి పడుతుంది. ఇలా ఊపిరి మీద ఊపిరి పేరుకుని ఛాతీ ఉబ్బిపోతుంది. ఛాతీ కింద గొడుగులా ఉండాల్సిన డయాఫ్రం కండరం బల్లపరుపుగా అయిపోయి, లాగడానికి బలం చాలదు. "గాలి లోపలికి పోవట్లేదు" అని రోగులు అంటారు చూడండి, నిజానికి లోపల చోటు లేక వచ్చే బాధ అది. నిమిషానికి 15కి తగ్గితే ఒక్కో ఊపిరికి నాలుగు సెకన్లు వస్తాయి. అందులో రెండున్నర పైనే వదలడానికి మిగులుతుంది.

చేసే పద్ధతి. కుర్చీలో కూర్చుని కొంచెం ముందుకు వంగి, మోచేతులు తొడల మీద గానీ బల్ల మీద గానీ ఆనించాలి. భుజాలు కిందికి వదిలేయాలి. నోరు మూసి ముక్కుతో మామూలు ఊపిరి తీసుకోవాలి, లోపల "ఒకటి, రెండు" అనుకునేంతసేపు. గుండెల నిండా తీయకూడదు. ఛాతీ ముందే ఉబ్బి ఉంది, ఇంకా నింపితే మరింత ఇబ్బంది. తర్వాత ఈల వేయబోతున్నట్టు పెదాలు ముడిచి, గాలిని తనంతట తాను పోనివ్వాలి, "ఒకటి, రెండు, మూడు, నాలుగు" దాకా. బుగ్గలు పొంగకూడదు. మధ్యలో ఊపిరి బిగపట్టడం లేదు. నాలుగు దాకా రాకపోతే మూడుకే ఆపేయండి. లోపల ఒక్క బొట్టు మిగలకుండా పిండేయాలని చూస్తే చివర్లో పొట్ట బిగుసుకుంటుంది, ఆ చివరి పిండుడులోనే గొట్టాలు మూతపడతాయి.

సరిగ్గా జరుగుతోందా లేదా మీరే కనిపెట్టొచ్చు. వార్తాపత్రిక నుంచి వేలెడు వెడల్పు పేలిక చించి నాన్నగారి నోటి ముందు జానెడు దూరంలో వేలాడదీసి పట్టుకోండి. ఊపిరి వదిలినంతసేపూ అది కొంచెం పైకి లేచి ఒకేలా నిలబడాలి. మొదట ఎగిరిపడి వెంటనే వాలిపోతే నెడుతున్నారన్నమాట. రెండో చెయ్యి ఆయన పొట్ట మీద పెట్టండి. వదిలేటప్పుడు పొట్ట మెత్తగా లోపలికి పోవాలి, గట్టిపడకూడదు. మెడ నరాలు ఉబ్బడం, చివర్లో పిల్లికూత పెరగడం, ఊదగానే దగ్గు రావడం కూడా బలం ఎక్కువైందనడానికి గుర్తులే. తల తిరిగితే మరీ ఎక్కువ గాలి మారుస్తున్నారని అర్థం, ఆపి మామూలుగా ఊపిరి తీసుకోనివ్వండి.

విజయనగరం వైపు పల్లె నుంచి మా దగ్గరికి వచ్చిన ఒక పెద్దావిడ సంగతి చెబుతాను. ఆమె బీడీ, చుట్ట ముట్టిన మనిషి కాదు. ముప్పై, నలభై ఏళ్లు కిటికీ లేని వంటింట్లో కట్టెల పొయ్యి దగ్గర గడిపింది. సీఓపీడీ పొగతాగే మగవాళ్ల జబ్బు అనుకుంటారు గానీ మన ఊళ్లలో ఇలా వచ్చిన ఆడవాళ్లు తక్కువేం కాదు. కొడుకు ఇల్లు మొదటి అంతస్తు. మెట్లెక్కి గుమ్మంలోకి రాగానే గోడ పట్టుకుని చాలాసేపు నిలబడిపోయేది.

పెదాలు ముడిచి ఊదమ్మా అన్నాను. ఆమె ఊదింది. ఎలా ఊదిందంటే, ఊదుగొట్టంతో పొయ్యి రాజేసినట్టు! పొట్ట రాయిలా అయింది, బుగ్గలు పొంగాయి, నాలుగోసారికే దగ్గు తెర వచ్చింది. ఊదడమంటే ఆమెకు తెలిసింది అదే మరి. అప్పటి నుంచి "ఊదడం" అన్న మాట నేను వాడను. "నెట్టకమ్మా, వదిలెయ్" అని మాత్రమే అంటాను. పేపరు ముక్క పెట్టి చూపించాక, పొట్ట మీద ఆమె చెయ్యే పెట్టించాక దారిలో పడింది. కూర్చుని ఉండగా నిమిషానికి 28 ఉన్న ఊపిరి, మూడు నిమిషాల తర్వాత 18కి వచ్చింది.

అయితే కూర్చుని బాగా చేసినవాళ్లు మెట్ల దగ్గర మర్చిపోతారు. కాబట్టి మెట్ల మీదే నేర్పాం. కింద నిలబడి ముక్కుతో ఊపిరి తీసుకోవడం, వదులుతూ రెండు మెట్లు ఎక్కడం, ఆగడం, మళ్లీ ఊపిరి తీసుకోవడం, వదులుతూ ఇంకో రెండు. శ్రమ ఎప్పుడూ వదిలే ఊపిరితోనే జరగాలి. బిందె ఎత్తినా, మంచం మీంచి లేచినా, చెప్పులు తొడుక్కోవడానికి వంగినా ఇదే వరస. పైకి చేరడానికి మునుపటి కంటే ఎక్కువసేపు పట్టింది, కానీ గుమ్మంలో గోడ పట్టుకునే అవసరం చాలావరకు తగ్గింది. కొన్ని వారాల తర్వాత చేసిన ఊదే పరీక్షలో, అదే స్పైరోమెట్రీలో, అంకెలు ముందున్నట్టే ఉన్నాయి. అందులో వింతేమీ లేదు. తెగిన తాళ్లను ఈ పద్ధతి తిరిగి కట్టదు. ఉన్న గొట్టాలను ఆ పూటకు, ఆ ఊపిరికి తెరిచి ఉంచుతుంది, అంతవరకే.

ఇది అందరికీ ఒకేలా పనిచేయదని కూడా తెలుసుకోండి. గొట్టాలు బాగా వదులై, ఛాతీ ఉబ్బి ఉన్నవాళ్లకు ఎక్కువ లాభం. జబ్బు తొలి దశలో ఉన్నవాళ్లకు కూర్చున్నప్పుడు దీని అవసరమే ఉండకపోవచ్చు, బలవంతంగా చేయిస్తే ఊపిరి తీయడం కొత్త పని అయిపోతుంది. మీ నాన్నగారి స్పైరోమెట్రీ కాగితంలో నెమ్మదిగా వదిలినప్పటి మొత్తం గాలి, గట్టిగా వదిలినప్పటి మొత్తం గాలి రెండూ కొలిచి ఉంటే పోల్చి చూడండి. నెమ్మదిగా వదిలినప్పుడు బాగా ఎక్కువ వచ్చి ఉంటే, గట్టిగా నెట్టినప్పుడు గొట్టాలు మూసుకుంటున్నాయనడానికి అదే కాగితం మీది సాక్ష్యం. అన్నిచోట్లా రెండూ కొలవరు. లేకపోతే ఇంట్లోనే తేలిక పరీక్ష ఉంది: ఆయాసంగా ఉన్నప్పుడు నిమిషంలో ఎన్ని ఊపిరులో లెక్కపెట్టండి, మూడు నిమిషాలు చేయించి మళ్లీ లెక్కపెట్టండి, హాయిగా ఉందా అని ఆయన్నే అడగండి. ఊపిరుల లెక్క తగ్గి, ఆయన తేలికైందంటే కొనసాగించండి. వేలికి పెట్టే మిషన్‌లో ఆక్సిజన్ ఒకటి రెండు అంకెలు పెరిగిందా లేదా అన్నదాన్ని బట్టి తీర్పు ఇవ్వకండి.

కొందరు ఎవరూ నేర్పకుండానే ఆయాసంలో పెదాలు ముడుస్తారు. మీ నాన్నగారు ముందే అలా చేస్తుంటే సరిచేయాల్సింది నెట్టడం ఉందా లేదా అన్నది ఒక్కటే.

ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు, అంటే ఫైబ్రోసిస్ ఉన్నవాళ్ల కథ పూర్తిగా వేరు. వాళ్ల ఊపిరితిత్తి ముడుచుకునే బలం తగ్గకపోగా పెరుగుతుంది, చిన్న నాళాలను చుట్టూ కణజాలమే లాగి పట్టి ఉంచుతుంది. వదలడంలో అడ్డం లేనప్పుడు వదిలే సమయం పెంచి ప్రయోజనం లేదు. పక్కింట్లో ఎవరికో ఆయాసం ఉందని ఇదే చెప్పేయకండి.

ఇప్పుడు బెలూన్ల సంగతి. బెలూన్ ఉబ్బాలంటే, ముఖ్యంగా మొదట్లో, బాగా నెట్టాలి. పైన వేసిన లెక్కలో ఏది వద్దన్నామో అదే పని. దానికి ముందు గుండెల నిండా ఊపిరి తీస్తారు, అదీ వద్దన్నదే. మూడు బంతుల పరికరం కూడా ఇంట్లో ఉందని చాలామంది బయటికి తీస్తారు. ఆపరేషన్ల తర్వాత లోతుగా పీల్చడం కోసం ఇచ్చేది అది. వదలలేని జబ్బుకు పీల్చే పరికరం ఎందుకు? ఇదే లెక్కన కపాలభాతి, భస్త్రిక కూడా ఈ జబ్బులో వద్దంటాను. పొట్టను కుదిపి కుదిపి గాలి కొట్టడం వదులైన గొట్టాలకు సరిగ్గా వ్యతిరేకం. ప్రాణాయామం అలవాటున్న వారైతే కుంభకం లేకుండా, మెల్లగా దీర్ఘంగా వదిలే రకాలు ఉంచుకోవచ్చు.

ఇన్‌హేలర్ మానేసి ఇది చేయడం మాత్రం కుదరదు. నాళాల చుట్టూ కండరం బిగుసుకోవడాన్ని మందు వదులు చేస్తుంది, గొట్టం నొక్కుకోకుండా ఈ ఊపిరి కాస్తుంది. స్నానం, నడక లాంటి శ్రమ ఉన్నప్పుడు త్వరగా పనిచేసే ఇన్‌హేలర్‌ను డాక్టర్ చెప్పిన మోతాదులో పది పదిహేను నిమిషాల ముందు తీసుకుని, పనిలో ఈ పద్ధతి వాడితే రెండూ కలిసొస్తాయి. నేర్చుకోవడం మాత్రం ఆయాసం లేని వేళ, పూటకు నాలుగైదు నిమిషాలు చేస్తే సరిపోతుంది. ఆయాసం వచ్చాక నేర్పాలంటే ఎవరి వల్లా కాదు, భయంలో చెవికెక్కదు.

ఆయాసం ముంచుకొచ్చినప్పుడు మొదటి రెండు మూడు ఊపిరులకు నాలుగు లెక్క కుదరదు. ఒకటికి ఒకటిన్నరగా మొదలుపెట్టి మెల్లగా పెంచండి. మీరు ఎదురుగా కూర్చుని అదే లయలో ఊపిరి తీస్తూ ఉంటే ఆయన మిమ్మల్ని చూసి అందుకుంటారు. నోటితో ఆజ్ఞలివ్వడం కంటే ఇదే బాగా పనిచేస్తుంది.

మధ్యలో ఆగకుండా ఒక వాక్యం పూర్తి చేయలేకపోతున్నా, పెదాలు, గోళ్లు నీలంగా మారినా, పగటిపూట మత్తుగా, తికమకగా ఉన్నా, ఇన్‌హేలర్ వాడినా తగ్గకపోయినా ఇంట్లో పెదాలు ముడిపిస్తూ కూర్చోకండి. ముఖ్యంగా మత్తు. ఆయాసం తగ్గి నిద్రపోతున్నారని ఇంట్లోవాళ్లు ఊరట పడతారు, అది రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోవడం వల్ల కావచ్చు. 108కి ఫోన్ చేయండి, సీఓపీడీ ఉందని మొదటి మాటగా చెప్పండి. కార్బన్ డయాక్సైడ్ నిలిచే అవకాశమున్న ఈ రోగులకు, వేలి మిషన్‌లో అంకె 88 నుంచి 92 శాతం మధ్య ఉండేలా ఆక్సిజన్‌ను అదుపుగా ఇస్తారు. ఇంట్లో సిలిండర్ ఉంటే కంగారులో మీ అంతట మీరు దాన్ని పెంచేయకండి.